మూడు ఆఫర్లు, మూడు బాండ్లు: సంతకానికి ముందు ఏ లైన్లు చదవాలి

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ ఫైనలియర్, 2027 బ్యాచ్. చేతిలో మూడు ఆఫర్లు ఉన్నాయి. మొదటిది పెద్ద సర్వీస్ కంపెనీ, 3.6 లక్షలు, ఏడాది సర్వీస్ అగ్రిమెంట్, మధ్యలో మానేస్తే 75 వేలు. రెండోది హైదరాబాద్‌లో మధ్యస్థాయి కంపెనీ, 6 లక్షలు, జనవరి నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ నెలకు 15 వేలతో, ఆ తర్వాత రెండేళ్ల బాండ్, 2 లక్షలు. మూడోది మాదాపూర్‌లో చిన్న కంపెనీ, 4.2 లక్షలు, మూడేళ్ల బాండ్ 3 లక్షలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు, నాన్నగారి సంతకం కావాలంటున్నారు. 2029 ఆగస్టులో ఎంఎస్‌కి వెళ్లాలని ఆలోచన. శుక్రవారం లోపు ఒకటి చెప్పాలని టీపీఓ సార్ అంటున్నారు. బాండ్లు కోర్టులో చెల్లవని సీనియర్లు అంటున్నారు. ఏది తీసుకోవాలి?

సమాధానం:

నేను హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ వైపు చాలా ఏళ్లు పనిచేశాను. క్యాంపస్ డ్రైవ్‌లకు వెళ్లాను, ఇలాంటి అగ్రిమెంట్లు లాయర్లతో రాయించే గదిలో కూర్చున్నాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మూడోది వద్దు. రెండోది తీసుకో, కానీ అగ్రిమెంట్‌లో రెండు మూడు మాటలు మార్పించుకున్నాకే. వాళ్లు మార్చకపోతే మొదటిదే నీకు క్షేమం. ఇలా ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే రేపు నీ స్నేహితులకు వేరే కంపెనీల పేపర్లు వచ్చినా చూసుకోవాల్సినవి ఇవే.

3.6, 6, 4.2 అనే అంకెలను పక్కన పెట్టి, నెలకు అకౌంట్‌లో ఎంత పడుతుందో లెక్క వేద్దాం. రెండో కంపెనీ వాళ్లు ఆఫర్ లెటర్ చివర అనెక్సర్ అని ఒక పట్టిక ఇచ్చే ఉంటారు. ఆరు లక్షల ఆఫర్‌కి అది మామూలుగా ఎలా ఉంటుందంటే, బేసిక్ నెలకు 20,000, మిగతా అలవెన్సులు 14,000. కంపెనీ వంతు పీఎఫ్ నెలకు 1,800, అంటే ఏడాదికి 21,600. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, ఏడాదికి 11,544. ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంకో 8,856. ఇక్కడికి నాలుగున్నర లక్షలు అయింది. మిగిలిన లక్షన్నరలో 50 వేలు వేరియబుల్, లక్ష రిటెన్షన్ బోనస్. నీ అనెక్సర్‌లో అంకెలు కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు నెలకు 34,000లో నీ వంతు పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 32,000. ఈ జీతానికి కొత్త పన్ను విధానంలో ఇన్‌కం ట్యాక్స్ ఏమీ కట్టక్కర్లేదు. పీఎఫ్‌లో పడేది తర్వాత నీకు వచ్చేదే కాబట్టి దాని గురించి దిగులు లేదు. గ్రాట్యుటీ మాత్రం ఐదేళ్లు ఉంటేనే వస్తుంది, రెండేళ్లలో ఎంఎస్‌కి వెళ్లేదానివైనా, వెళ్లేవాడివైనా అది లేదనే అనుకో. వేరియబుల్ కంపెనీ లాభాలను, నీ రేటింగ్‌ను బట్టి వస్తుంది, ఫ్రెషర్‌కి మొదటి ఏడాది పూర్తిగా రావడం తక్కువే. రిటెన్షన్ బోనస్ బాండ్ పూర్తయ్యాక ఇస్తారు. ఏడాదికి లక్ష చొప్పున పట్టికలో చూపించి, చివరికి ఒక్కసారే లక్ష ఇచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి. అది మొత్తం ఎంత, ఎప్పుడు అని అడుగు.

మొదటి కంపెనీ 3.6 లక్షలకు ఇదే లెక్క వేస్తే నెలకు 27,000 గ్రాస్, చేతికి సుమారు 25,000. అంటే ఆఫర్ లెటర్‌లో తేడా ఏడాదికి రెండు లక్షల నలభై వేలు కనిపిస్తున్నా, అకౌంట్‌లో తేడా నెలకు ఏడు వేలు, ఏడాదికి 84 వేలు. ఇది తక్కువని అనడం లేదు. కానీ నువ్వు బాండ్‌కి ఒప్పుకునేది ఈ 84 వేల కోసం, రెండు లక్షల నలభై వేల కోసం కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. రెండో కంపెనీ అగ్రిమెంట్‌లో 'రెండేళ్లు' ఏ రోజు నుంచి మొదలవుతాయో చూశావా? చాలామంది పిల్లలు ఎన్నేళ్లు, ఎంత డబ్బు అనే రెండే చూస్తారు. సాధారణంగా మూడు రకాలుగా రాస్తారు. ఇంటర్న్‌షిప్ మొదలైన రోజు నుంచి, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి, లేదా కన్ఫర్మేషన్ తేదీ నుంచి. ఇంటర్న్‌షిప్ ఇచ్చి తర్వాత ఉద్యోగంలోకి తీసుకునే కంపెనీలు ఎక్కువగా మూడోదే రాస్తాయి. నీ పేపర్‌లో అలాగే ఉందనుకుని తేదీలు వేసి చూద్దాం.

2027 జనవరి నుంచి జూన్ వరకు ఇంటర్న్‌షిప్. జూలై 1న ఉద్యోగంలో చేరతావు. ఆరు నెలల ప్రొబేషన్ డిసెంబర్‌తో ముగుస్తుంది. 2028 జనవరి 1న కన్ఫర్మేషన్. అక్కడి నుంచి రెండేళ్లంటే 2029 డిసెంబర్ 31. రెండేళ్ల బాండ్ అని చెప్పింది నీ జీవితంలో పూర్తిగా మూడేళ్లు. నీ ఎంఎస్ 2029 ఆగస్టులో. జూలై చివర మానేస్తే ఉద్యోగంలో చేరి 25 నెలలు అయిపోతాయి, అయినా బాండ్ ప్రకారం ఇంకా ఐదు నెలలు బాకీ ఉంటావు. ఆ ఐదు నెలల కోసం రెండు లక్షలు అడుగుతారు, పైగా రిటెన్షన్ బోనస్ లక్ష రాదు. అదే గడువు చేరిన రోజు నుంచి లెక్కిస్తే 2029 జూన్ 30కే అయిపోతుంది. బోనస్ తీసుకుని, రిలీవింగ్ లెటర్ తీసుకుని, నిశ్చింతగా విమానం ఎక్కొచ్చు. 'కన్ఫర్మేషన్ తేదీ' అన్న చోట 'చేరిన తేదీ' అని మారిస్తే నీకు మూడు లక్షల తేడా. హెచ్‌ఆర్‌ను మొదట అడగాల్సింది ఇదే.

ప్రొబేషన్ పొడిగించే హక్కు కంపెనీకి ఉందా అన్నది కూడా అదే పేజీలో చూడు. దాదాపు అన్ని ఆఫర్ లెటర్లలో 'అవసరమైతే ప్రొబేషన్ పొడిగించవచ్చు' అని ఉంటుంది. బాండ్ కన్ఫర్మేషన్‌కి ముడిపడి ఉంటే, ప్రొబేషన్ మూడు నెలలు పెరిగినప్పుడు బాండ్ కూడా మూడు నెలలు జరుగుతుంది. జీతం లేని సెలవు ఎన్ని రోజులు పెడితే అన్ని రోజులు గడువు పెరుగుతుందని ఇంకొన్ని చోట్ల రాస్తారు.

రెండో విషయం, పనిచేసిన కాలానికి తగ్గట్టు మొత్తం తగ్గుతుందా లేదా. మొదటి కంపెనీ 75 వేలు ప్రొరేటా అయితే, ఎనిమిది నెలలు చేసి మానేస్తే మిగిలిన నాలుగు నెలలకు 25 వేలు కడితే సరిపోతుంది. రెండో కంపెనీ 2 లక్షలకు ప్రొరేటా లేకపోతే రెండో రోజు మానేసినా, చివరి నెలలో మానేసినా రెండు లక్షలే. ప్రొరేటా ఉంటే నీ ఐదు నెలల బాకీకి 24లో 5 వంతులు, అంటే 41,667 రూపాయలు. ఈ పదం కోసం అగ్రిమెంట్ అంతా వెతుకు. ఎక్కడా లేకపోతే లేనట్టే, హెచ్‌ఆర్ ఫోన్‌లో 'అలాగే చేస్తాం లెండి' అన్నది లెక్కలోకి రాదు.

మూడో విషయం అన్నిటికంటే ముఖ్యం. డబ్బు ఎప్పుడు కట్టాలి అనే క్లాజ్‌లో 'ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే' అని ఉందా, 'ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే' అని ఉందా? రెండో రకం ఉంటే కంపెనీయే నిన్ను తీసేసినా కాగితం ప్రకారం నువ్వు బాకీ పడతావు. ట్రైనింగ్ పరీక్ష తప్పితే తీసేసే హక్కు దాదాపు అందరూ రాసుకుంటారు. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో 300 మందికి పైగా ట్రైనీలను ఇంటర్నల్ పరీక్షలు పాసవ్వలేదని పంపించేసిన సంగతి పేపర్లలో చదివే ఉంటావు. అంటే ఆఫర్ వచ్చి, చేరిన తర్వాత కూడా మొదటి కొన్ని నెలలు ఉద్యోగం గట్టిగా ఉండదు. ఆ కొన్ని నెలల్లో ఇటు ఉద్యోగం పోయి, అటు రెండు లక్షలు కట్టమనే పరిస్థితి రాకూడదు. అందుకే 'పనితీరు, పరీక్షలు, ప్రాజెక్టు లేకపోవడం, ఖర్చు తగ్గింపు వంటి కారణాలతో కంపెనీ తొలగిస్తే ఈ మొత్తం వర్తించదు' అని రాయించుకోవాలి. ఇంటర్న్‌షిప్ తర్వాత వాళ్లు ఉద్యోగంలోకి తీసుకోకపోతే కూడా అంతే.

ఇంటర్న్‌షిప్ మాట వచ్చింది కాబట్టి, నీ లెటర్‌లో ఉద్యోగం ఖాయమని ఉందా, 'పనితీరు నచ్చితే' అని ఉందా చూసుకో. మొదటి దాన్ని ఇంటర్న్‌షిప్‌తో కూడిన ఫుల్‌టైమ్ ఆఫర్ అనాలి. రెండోది ఆరు నెలల ఇంటర్న్‌షిప్ మాత్రమే, ఉద్యోగం తర్వాతి మాట. కాలేజీ ప్లేస్‌మెంట్ బోర్డు మీద రెండూ ఒకే రంగులో 6 లక్షలు అని కనిపిస్తాయి. జనవరి నుంచి జూన్ వరకు నువ్వు వాళ్ల దగ్గర ఉంటే, మిగతా డ్రైవ్‌లన్నీ ఆ సమయంలోనే అయిపోతాయి. జూన్‌లో వాళ్లు 'వద్దు' అంటే నీ చేతిలో ఏమీ ఉండదు. మీ సీనియర్లలో గతేడాది ఆ కంపెనీకి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లినవాళ్లు ఎందరు, అందులో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎందరు అని టీపీఓ సార్‌ని అడుగు. ఆయనకు తెలియకపోతే లింక్డిన్‌లో కంపెనీ పేరు, కాలేజీ పేరు కలిపి వెతికి ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టు. మామూలుగా సీనియర్లు చెబుతారు.

ఇప్పుడు 'బాండ్లు చెల్లవు' అన్న మాట. మీ సీనియర్లు చెప్పింది సగం పాత మాట, సగం తప్పు. కోర్టు నిన్ను బలవంతంగా ఉద్యోగంలో కూర్చోబెట్టదు, అది నిజం. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాలను అలా అమలు చేయించడం మన చట్టంలో లేదు. కానీ డబ్బు అడగడం వేరే సంగతి. విజయా బ్యాంక్ కేసులో 2025 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక అధికారి మూడేళ్లు పనిచేస్తానని, లేకపోతే రెండు లక్షలు కడతానని ఒప్పుకుని చేరాడు, గడువుకు ముందే రాజీనామా చేసి వేరే బ్యాంకుకు వెళ్లాడు. అభ్యంతరం తెలుపుతూనే డబ్బు కట్టి, తర్వాత కోర్టుకు వెళ్లాడు. హైకోర్టులో గెలిచాడు కానీ సుప్రీంకోర్టు బ్యాంకు పక్షాన నిలిచింది. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది, కానీ ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన కనీస సర్వీసు షరతు దాని కిందికి రాదని చెప్పింది. ఇందులో ఇంకో కోణం కూడా గుర్తుంచుకోవాలి. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మనిషి మానేస్తే మళ్లీ బహిరంగ ప్రకటన ఇచ్చి నియామకం మొత్తం చేయాలి, ఆ అధికారి జీతానికి రెండు లక్షలు మరీ ఎక్కువ కాదు అన్నవి ఆ తీర్పులో గట్టిగా పనిచేశాయి. 15 వేల స్టైపెండ్ తీసుకునే ఫ్రెషర్‌కి, ప్రైవేటు కంపెనీకి అదే కొలత అచ్చంగా సరిపోతుందని ఎవరూ అనలేరు.

ఎంత కట్టాలి అన్న దగ్గర 74వ సెక్షన్ వస్తుంది. ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. ఢిల్లీ హైకోర్టు 2011లో సిక్పా ఇండియా కేసులో దీన్ని చక్కగా చూపించింది. అక్కడా బాండ్ మూడేళ్లు, రెండు లక్షలు. ఉద్యోగి రెండేళ్లు చేసి మానేశాడు. కంపెనీ అతని శిక్షణ మీద వాస్తవంగా పెట్టిన ఖర్చు సుమారు 67,500 రూపాయలని తేలింది. మూడేళ్లలో ఒక ఏడాది మిగిలింది కాబట్టి అందులో మూడో వంతు, ఇరవై రెండున్నర వేల చిల్లర మాత్రమే ఇప్పించారు. కంపెనీ అప్పీలు చేసినా హైకోర్టు మార్చలేదు. నీ చేతికి ఇచ్చిన జాయినింగ్ బోనస్‌ని వెనక్కి అడగడం కంపెనీకి తేలిక. నీ మీద ఖర్చే పెట్టకుండా మొదటి వారం నుంచే క్లయింట్ పనిలో కూర్చోబెట్టి 'ట్రైనింగ్ ఖర్చు రెండు లక్షలు' అంటే నిరూపించుకోవడం కష్టం. అందుకే ఉద్యోగంలో ఉన్నప్పుడు ట్రైనింగ్ ఎన్ని వారాలు జరిగింది, ఎవరు చెప్పారు, ఏ రోజు ప్రాజెక్టులోకి వెళ్లావు అన్నవి మెయిల్స్ రూపంలో దాచుకో.

ఇదంతా కోర్టు వరకు వెళితే. చాలా కంపెనీలు అంత దూరం వెళ్లవు, వెళ్లక్కర్లేదు కూడా. వాళ్ల చేతిలో రిలీవింగ్ లెటర్ ఉంటుంది. అది లేకపోతే తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగిపోతావు. చివరి నెల జీతం ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకుంటారు, లీగల్ నోటీసు ఇంటికి పంపిస్తారు. ఆ నోటీసు చూసి ఇంట్లో వాళ్లకు వచ్చే టెన్షన్‌కే చాలామంది డబ్బు కట్టేస్తారు. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఇది కొంచెం తక్కువ ఇబ్బంది, అయినా మళ్లీ ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆ రెండేళ్ల అనుభవానికి కాగితం కావాలి. అందుకే 'ఎలాగూ చెల్లదు, సంతకం పెట్టేద్దాం' అన్న ఆలోచనతో ఏ బాండ్ మీదా సంతకం పెట్టొద్దు. కట్టాల్సి వస్తే కట్టగలిగే మొత్తానికే పెట్టు.

ఈ లెక్కన నీ విషయం చూద్దాం. 2027 జూలై నుంచి 2029 జూలై చివరి వరకు రెండో కంపెనీలో 25 నెలలు, నెలకు 32,000 చొప్పున 8 లక్షలు. ఇంటర్న్‌షిప్‌లో వచ్చే 90 వేలు హైదరాబాద్ హాస్టల్‌కి, తిండికి సరిపోతాయి, అవి లెక్కలోకి తీసుకోవద్దు. వాళ్లు ఏ మార్పుకీ ఒప్పుకోక నువ్వు పూర్తి రెండు లక్షలూ కట్టినా 6 లక్షలు మిగులుతాయి. మొదటి కంపెనీ సెప్టెంబర్‌లో చేర్చుకుంటే 23 నెలలు, నెలకు 25,000 చొప్పున 5 లక్షల 75 వేలు. అంటే అన్నీ నీకు ఎదురు తిరిగినా రెండూ దాదాపు సమానం. రెండు లక్షలు అన్న అంకె చూసి భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది 'ఏ కారణం చేతనైనా' అన్న మాటకు. ఆరో నెలలో వాళ్లు తీసేస్తే ఈ 8 లక్షలు ఉండవు, రెండు లక్షల బాకీ మాత్రం ఉంటుంది. అందుకే నేను అడిగే మూడు మార్పుల్లో ఆ ఒక్కదానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆఫర్ వదిలేయమంటాను. గడువు తేదీ, ప్రొరేటాలో కనీసం ఒకటి ఇచ్చినా తీసుకో.

మొదటి కంపెనీకి ఉన్న ఇబ్బంది జాయినింగ్ తేదీ. పెద్ద సర్వీస్ కంపెనీలు ముందు లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇస్తాయి, ఆఫర్ లెటర్ తర్వాత, అపాయింట్‌మెంట్ లెటర్ చేరిన రోజు. తేదీ 'వ్యాపార అవసరాన్ని బట్టి' అని ఉంటుంది. ఇన్ఫోసిస్‌లో 2022 బ్యాచ్‌కి ఆఫర్లు వచ్చిన దాదాపు రెండు వేల మంది రెండేళ్లకు పైగా ఎదురుచూసి 2024 చివర్లో గాని చేరలేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షల ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. కాబట్టి సెప్టెంబర్ అన్నది ఆశ మాత్రమే. నువ్వు 2028 మార్చిలో చేరితే ఎంఎస్ నాటికి 17 నెలలే, 4 లక్షల 25 వేలు. అయినా ఏడాది అగ్రిమెంట్ 2029 ఫిబ్రవరికి అయిపోతుంది, నీ ఆగస్టుకి అడ్డు రాదు. రెండోది కుదరకపోతే ఇది క్షేమం అన్నది అందుకే.

మూడో కంపెనీ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. జీతం కంటే, మూడు లక్షల కంటే ప్రమాదకరమైనవి వాళ్లు అడిగిన మూడు వస్తువులు.

సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇస్తే దాని మీద తేదీ, మొత్తం వాళ్లే రాసుకోగలరు. బ్యాంకులో వేసి అది వెనక్కి వస్తే, 30 రోజుల్లో నోటీసు పంపుతారు, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చినా బాకీ ఉన్నట్టే అనుకోవాలని, కాదని చూపించే భారం సంతకం చేసినవాళ్లదేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బాండ్ ఉల్లంఘన సివిల్ గొడవ, అక్కడ కంపెనీ తన నష్టం చూపించాలి. చెక్కు ఇచ్చిన మరుక్షణం ఆ గొడవ క్రిమినల్ కోర్టుకు మారుతుంది, నిరూపించుకోవాల్సింది నువ్వవుతావు. కంపెనీ చెక్కు అడిగేదే ఇందుకు.

నాన్నగారి సంతకం జామీనుగా. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీను ఉన్నవాళ్ల బాధ్యత అసలు బాకీదారుతో సమానం. వేరుగా రాయకపోతే కంపెనీ ముందు నిన్ను అడగాలన్న నియమం కూడా లేదు, నేరుగా ఆయన పేరు మీదే దావా వేయొచ్చు. 'సాక్షి సంతకం మాత్రమే' అని హెచ్‌ఆర్ అంటే, ఆయన పేరు కింద ఏ మాట అచ్చు వేసి ఉందో చూడు. సాక్షి అని ఉంటే ఒకటి, ష్యూరిటీ అనో గ్యారంటర్ అనో ఉంటే వేరే. అది స్టాంప్ పేపర్ వంద రూపాయలదా, నోటరీ ఉందా అన్నదాన్ని బట్టి ఈ బాధ్యత తగ్గదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి చూపించి, అదే రోజు వెనక్కి తెచ్చుకోవాలి. సెల్ఫ్ అటెస్ట్ చేసిన జిరాక్స్‌లు ఇవ్వు. నువ్వు ఎంఎస్‌కి వెళ్లేటప్పుడు యూనివర్సిటీకి, ఎడ్యుకేషన్ లోన్‌కి, వీసాకి అవే కావాలి. నీ మార్క్స్ మెమో వాళ్ల అల్మారాలో ఉన్నంత కాలం నువ్వు ఎంత న్యాయంగా మాట్లాడినా బేరం వాళ్లదే.

అయినా ఆ కంపెనీ మీద మనసు ఉంటే ఒక పని చెయ్యి. ఈపీఎఫ్‌ఓ సైట్‌లో `Establishment Search` అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే ఏ నెలలో ఎంత మందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. రెండు వందల మంది ఉన్నామని ప్రీ ప్లేస్‌మెంట్ టాక్‌లో చెప్పి, అక్కడ పదిహేను మందికే పీఎఫ్ కడుతున్నారంటే నీకే అర్థమవుతుంది. కంపెనీ ఎప్పుడు రిజిస్టర్ అయింది, డైరెక్టర్లు ఎవరు అన్నది కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ సైట్‌లో చూడొచ్చు.

శుక్రవారం లోపు ఏం చేయాలంటే, ముందు రెండో కంపెనీ హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టు, టీపీఓ సార్‌ని సీసీలో ఉంచు. చేరిన రోజు సంతకం పెట్టించే సర్వీస్ అగ్రిమెంట్ పూర్తి నమూనా ముందే పంపమని అడుగు. చాలా డ్రైవ్‌లలో ఆఫర్ లెటర్‌లో 'రెండేళ్ల సర్వీస్ అగ్రిమెంట్ ఉంటుంది' అన్న ఒక్క లైనే ఉంటుంది, అసలు కాగితం మొదటి రోజు ఇండక్షన్‌లో చేతిలో పెడతారు. అప్పటికి నువ్వు హాస్టల్ అడ్వాన్స్ కట్టేసి ఉంటావు, మిగతా కంపెనీలు వెళ్లిపోయి ఉంటాయి. నమూనా అడగడం తప్పు కాదు, మా దగ్గర అడిగిన పిల్లల ఆఫర్ ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు. అడిగే పద్ధతి మర్యాదగా ఉండాలి, అంతే.

అదే మెయిల్‌లో మూడు ప్రశ్నలు వెయ్యి. గడువు చేరిన తేదీ నుంచి లెక్కిస్తారా, మొత్తం ప్రొరేటాగా తగ్గుతుందా, కంపెనీ తొలగిస్తే మొత్తం వర్తించదు కదా అని. ఉన్నత చదువుకు వెళితే మినహాయింపు ఉందా అని నాలుగోది కూడా అడగొచ్చు, కొన్ని కంపెనీలు ఇస్తాయి. కానీ నేనైతే ఆ ప్రశ్న ఇప్పుడే వేయను. 2029 ప్రణాళికను చేరకముందే చెబితే నిన్ను ఇంటర్న్‌షిప్ తర్వాత ఉంచుకోవాలా వద్దా అన్న చర్చలో అది నీకు ఎదురు వస్తుంది. నమూనా చేతికొస్తే ఆ మినహాయింపు ఉందో లేదో అందులోనే కనిపిస్తుంది.

జవాబు ఎలా వస్తుందో కూడా చెబుతాను. 'మా ఫార్మాట్ అందరికీ ఒకటే, మార్చలేం, కానీ మీరన్నది నిజమే, తొలగిస్తే వర్తించదు' అని మెయిల్ వస్తుంది. అది మంచిదే, దాచుకో. కానీ అగ్రిమెంట్ చివర 'ఇంతకుముందు జరిగిన సంభాషణలన్నిటి స్థానంలో ఈ ఒప్పందమే వర్తిస్తుంది' అన్న అర్థం వచ్చే క్లాజ్ ఒకటి ఉంటుంది. అది ఉంటే ఆ మెయిల్ బలం చాలా తగ్గుతుంది. కాబట్టి అదే వాక్యాన్ని ఒక పేజీ అడెండమ్‌గా సంతకంతో ఇవ్వమని అడుగు. ఫార్మాట్ ముట్టుకోకుండా అడెండమ్ ఇవ్వడం హెచ్‌ఆర్‌కి తేలిక, పై అధికారి ఒక్కరు ఒప్పుకుంటే చాలు.

గురువారం సాయంత్రానికి జవాబు రాకపోతే టీపీఓ సార్ దగ్గరకు వెళ్లి, కంపెనీ అగ్రిమెంట్ ఇంకా పంపలేదని ఆ మెయిల్ చూపించి సోమవారం వరకు గడువు అడుగు. మీ కాలేజీలో 'ఒకరికి ఒకే ఆఫర్' నియమం ఉందా, మొదటిది ఒప్పుకున్నాక ఎక్కువ ప్యాకేజీ వచ్చే డ్రైవ్‌కి మళ్లీ కూర్చోనిస్తారా అన్నది కూడా అప్పుడే రాతపూర్వకంగా తెలుసుకో. అలా కూర్చోనిచ్చే కాలేజీ అయితే శుక్రవారం మొదటి కంపెనీకి సరే అని చెప్పి, రెండో దాని అడెండమ్ వచ్చాక మారొచ్చు. నియమం గట్టిగా ఉంటే సోమవారం వరకు ఆగు, అప్పటికీ వాళ్లు 'ఏ కారణం చేతనైనా' అన్న మాట తీయకపోతే మొదటి కంపెనీకి సంతకం పెట్టు. అగ్రిమెంట్ నమూనా వస్తే పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి ఆ క్లాజ్‌లు మాత్రం ఇక్కడే కింద పెట్టు, చదివి చెబుతాను.